ఆర్డర్ల పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించే ముందు కాగితం మీద ఎలా గీయాలి

ఆర్డరు కాగితంలో ఒక వస్తువుకు ఎదురుగా 12 అని ఉంటుంది. ఆర్డర్లు చూసే మనిషి దాన్ని పెన్సిలుతో కొట్టేసి, పైన 144 అని రాసి, షీటులో 144 ఎక్కిస్తారు. ఎందుకని అడిగితే, "వీళ్లు పెట్టెల లెక్కన రాస్తారండీ, పెట్టెకు 12 ఉంటాయి" అంటారు. అదే 12 ఇంకో కస్టమరు నుంచి వస్తే ముట్టుకోరు. వాళ్లు విడి లెక్కన రాస్తారు కాబట్టి. ఈ తేడా ఫారంలో లేదు, షీటులో లేదు, ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి తెలుసు, అంతే. రేపు సాఫ్ట్‌వేర్ ఆ కాగితాన్ని చదివితే 12 అని చదివి 12 ముక్కలు పంపుతుంది. లోపం ఎక్కడా కనపడదు కూడా, కస్టమరు ఫోను చేసేదాకా.

"మీరు ఆర్డరు వచ్చాక ఏం చేస్తారో చెప్పండి" అని ఆ మనిషినే అడిగి చూడండి. "చూసుకుంటాను, షీటులో ఎక్కిస్తాను, అకౌంట్స్‌కు పంపుతాను" అని చెబుతారు. 12ను 144 చేయడం గురించి చెప్పరు. దాచడం కాదు అది. రోజూ చేసే పని చేతికి అలవాటైపోయి, అదొక మెట్టని వాళ్లకే అనిపించదు. అందుకే పనిని గీసేటప్పుడు మాటలతో కాక పూర్తయిపోయిన ఆర్డర్ల కాగితాలతో మొదలుపెట్టాలి. పెన్సిలు కొట్టివేత అబద్ధం చెప్పదు, మరిచిపోదు.

కింద మొత్తం ఒకే ఉదాహరణ మీద నడుస్తుంది. గొట్టాల ఫిట్టింగులు, వాల్వులు టోకున సరఫరా చేసే ఒక చిన్న సంస్థ. నాలుగు చోట్ల పని జరుగుతుంది: ఆర్డర్ల డెస్కు, అకౌంట్స్, స్టోరు, డెస్పాచ్. ఆర్డర్లు ఈమెయిల్‌లో, ఫోనులో, మెసేజ్‌లో వస్తాయి. ఇందులోని ఆర్డర్ల సంఖ్యలు, సమయాలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవి. మీ చోట మీ అంకెలు వేసుకోండి.

1. మొదలు, చివర తేల్చుకోండి

గీత ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో ముందే ఒక చీటీ మీద రాయండి. మొదలు అంటే షీటులో ఎక్కించడం కాదు, ఆర్డరు మొదటిసారి మీ వాళ్లలో ఎవరి కంట్లోనైనా పడిన క్షణం. అది సేల్స్ మనిషి ఫోనులో వచ్చిన మెసేజ్ కావచ్చు. చాలా ఆర్డర్లు డెస్కుకు చేరేలోపే ఒకరి చేతిలో నలిగి వస్తాయి. అక్కడ ఎవరో ఫోను చేసి కనుక్కోవడమో, సైజు సరిచేయడమో అప్పటికే అయిపోయి ఉంటుంది.

చివర అంటే సరుకు బండి ఎక్కడం కాదు. డబ్బు వచ్చి లెక్కలో కలిసినప్పుడు, లేదా తిరిగొచ్చిన సరుకుకు క్రెడిట్ నోట్ ఇచ్చి ముగించినప్పుడు. డెస్పాచ్ దగ్గర గీత ఆపేస్తే, ముందు జరిగిన తప్పుల్లో చాలావాటి సాక్ష్యం మీకు దొరకదు. ఎందుకంటే అవి బయటపడేది ఆ తర్వాతే.

ఒకే రకం ఆర్డరుతో మొదలుపెట్టండి. మా ఉదాహరణలో స్టాకులో ఉన్న సరుకుకు పాత కస్టమరు పెట్టే ఆర్డరు. ప్రత్యేకంగా తయారుచేయించి ఇచ్చేవి, కొత్త కస్టమర్లవి వేరే గీతలు. మూడూ ఒకే కాగితం మీద గీస్తే ప్రతి మెట్టు దగ్గరా మూడు దారులు చీలి, చివరికి ఎవరూ చదవలేని బొమ్మ తయారవుతుంది.

2. ముగిసిన ఆర్డర్లు 40 బయటికి తీయండి

వరుసగా నిన్నటివి 40 తీయకండి. గత మూడు నెలల నుంచి, వారంలో వేర్వేరు రోజులవి, నెలాఖరువి కొన్ని, సెలవుకు ముందు రోజువి కొన్ని కలిపి తీయండి. ప్రతి ఆర్డరుకూ సంబంధించినదంతా ఒక క్లిప్పు కింద చేర్చండి: వచ్చిన ఈమెయిల్ లేదా మెసేజ్ ప్రింటు, చేతిరాత కాగితం, షీటులో ఆ వరుస ప్రింటు, స్టోరు స్లిప్పు, ఇన్వాయిస్, మధ్యలో నడిచిన మెసేజ్‌లు.

40 ఎందుకంటే, పది ఆర్డర్లకు ఒకసారి వచ్చే తేడా 40లో ఒక్కసారి కూడా తగలకపోయే అవకాశం సుమారు 1.5 శాతం. అంటే తరచుగా వచ్చేవి దాదాపు అన్నీ ఇందులో దొరుకుతాయి. కానీ 50 ఆర్డర్లకు ఒకసారి వచ్చే తేడా 40లో అసలు కనపడకపోయే అవకాశం సుమారు 45 శాతం. నాణెం ఎగరేసినట్టే. కాబట్టి అరుదైన వాటిని నమూనాలో పడతాయిలే అని వదిలేయకూడదు, వెతికి పట్టుకోవాలి.

వెతకడానికి నాలుగు చోట్లున్నాయి. గత ఆరు నెలల క్రెడిట్ నోట్లు. రద్దయిన ఆర్డర్లు. తిరిగొచ్చిన సరుకు రాసే పుస్తకం. నాలుగోది చాలామంది మరిచిపోయేది: షీటులో "రిమార్కులు" అనే కాలమ్. దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒక గంట కూర్చుని చదవండి. "ఫోను చేశాక పంపాలి", "పాత రేటు", "సగం ఇప్పుడు సగం తర్వాత" లాంటివి అక్కడే ఉంటాయి. షీటులో పట్టని పనులన్నీ ఆ ఒక్క కాలమ్‌లోకే చేరతాయి. ఒక గడికి ఎవరో రంగు వేసి ఉంటే ఆ రంగుకు అర్థమేమిటో కూడా అడగండి. పసుపు రంగు అంటే "డబ్బు వచ్చేదాకా ఆపు" అని డెస్కు దగ్గరి ఇద్దరికి మాత్రమే తెలిసి ఉండవచ్చు.

3. గోడకు కాగితం అంటించండి

చార్ట్ పేపర్లు పక్కపక్కనే అతికించి మూడు మీటర్ల పొడవు వచ్చేలా గోడకు అంటించండి. ఆర్డర్ల డెస్కు పక్క గోడైతే మరీ మంచిది, వచ్చేపోయేవాళ్లు చూసి సరిదిద్దుతారు. అడ్డంగా గీతలు గీసి ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఇవ్వండి. పైన కస్టమరు, తర్వాత డెస్కు, అకౌంట్స్, స్టోరు, డెస్పాచ్. అడుగున ఒక వరుస ఖాళీగా వదలండి. గీస్తుండగా ఎవరూ అనుకోని మనిషి ఒకరు తేలతారు. మా ఉదాహరణలో అది యజమాని. ఆర్డర్ల పనిలో ఆయన లేరనే అందరూ చెప్పారు, కానీ బాకీ ఉన్న కస్టమరుకు సరుకు పంపాలా వద్దా అన్నది చివరికి తేల్చేది ఆయనే.

మెట్లు నేరుగా కాగితం మీద రాయకండి. 76 మిల్లీమీటర్ల చదరపు స్టికీ నోట్ల మీద, లావు స్కెచ్ పెన్‌తో రాసి అంటించండి. లావు పెన్ను ఎందుకంటే, ఒక నోటు మీద ఆరేడు మాటలకు మించి పట్టవు. పట్టకపోతే అది ఒక మెట్టు కాదు, రెండు. ప్రతి నోటు మీద ఒక పని, ఒక వస్తువు ఉండాలి: "సైజు కోడ్ చూస్తారు", "వరుస ఎక్కిస్తారు". "ఆర్డరు ప్రాసెస్ చేస్తారు" అని రాసిన నోటు ఏమీ చెప్పదు, దాన్ని పీకేసి మళ్లీ అడగండి.

మొదటి గీతను కంప్యూటరులో గీయకండి. నీటుగా కనపడే బొమ్మను సరిదిద్దడానికి మనుషులు మొహమాటపడతారు, అప్పుడే అయిపోయిందనుకుంటారు. వంకరగా అంటించిన నోటునైతే స్టోరు మనిషి కూడా చెయ్యి చాపి పక్కకు జరుపుతారు. మీకు కావలసింది ఆ చెయ్యి.

గుర్తులకు కొత్తవి కనిపెట్టనక్కర్లేదు. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లోనే అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పనుల్ని గుర్తులతో గీసే పద్ధతిని పెట్టారు. 1947లో ఆ సంఘం ఐదు గుర్తుల్ని ప్రమాణంగా తెచ్చింది. పని జరిగితే గుండ్రం, తనిఖీ అయితే చతురస్రం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతే బాణం, ఆగి ఎదురుచూస్తుంటే D ఆకారం, ఉద్దేశపూర్వకంగా దాచి ఉంచితే త్రిభుజం. నోటు మూలన ఈ గుర్తు వేయండి.

ఈ గుర్తులు అలంకారం కాదు. మనుషులు తమ పని చెప్పేటప్పుడు గుండ్రాలు మాత్రమే చెబుతారు. చతురస్రాలు, D లు చెప్పరు. దాగిన మెట్లలో చాలా భాగం ఆ రెంటిలోనే ఉంటాయి. గీసిన వరుసలో వరుసగా ఐదు గుండ్రాలు వచ్చి మధ్యలో ఒక్క D కూడా లేకపోతే, అక్కడ మీకు ఇంకా పూర్తిగా చెప్పలేదని అర్థం.

4. ఒక్కో ఆర్డరునూ వెనక నుంచి ముందుకు నడిపించండి

మొదటి క్లిప్పు తీసుకుని డెస్పాచ్ దగ్గరికి వెళ్లండి. "ఈ సరుకు పంపడానికి మీ చేతికి ఏం రావాలి? అది ఎవరి నుంచి వచ్చింది? వచ్చిందని మీకెలా తెలిసింది?" ఈ మూడే ప్రశ్నలు. జవాబులో చెప్పిన మనిషి దగ్గరికి వెళ్లి మళ్లీ ఇవే మూడు. అలా డెస్కు దాకా, చివరికి కస్టమరు మెసేజ్ దాకా వెళ్లండి. ముందు నుంచి నడిపిస్తే మనుషులు జరగాల్సింది చెబుతారు. వెనక నుంచి నడిపిస్తే, ఎదుట ఉన్న కాగితం ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోవాలి కాబట్టి జరిగినదే చెప్పాల్సి వస్తుంది.

మూడో ప్రశ్నను వదలొద్దు. పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే ప్రతిచోటా, తీసుకునేవాళ్లకు ఎలా తెలుస్తుందన్నది ముఖ్యం. "ట్రేలో పెడతారు, నేను వచ్చినప్పుడు చూస్తాను" అంటే అక్కడ ఒక D. "కేక వేస్తారు" అంటే, ఆ మనిషి సెలవులో ఉన్న రోజు ఏం జరుగుతుందో అడగాలి. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఈ కేకే మాయమవుతుంది. దాని బదులు ఏదీ పెట్టకపోతే ఆర్డరు స్క్రీను మీద ఉంటుంది, ఎవరూ చూడరు.

"ఇది ఎలా చేస్తారు" అని కాక "ఈ ఆర్డరులో ఏం జరిగింది" అనే అడగండి. వాళ్లు మాట్లాడుతుంటే కొన్ని మాటల కోసం చెవి ఒగ్గండి: "మామూలుగా అయితే", "ఒక్కోసారి", "అది నాకు తెలుస్తుంది", "ముందొకసారి కనుక్కుంటాను", "వాళ్లకైతే". వీటిలో ఏది వినపడినా వెంటనే ఒక గులాబీ రంగు నోటు తీసి ఆ మాటను వాళ్ల నోట వచ్చినట్టే రాసి ఆ మెట్టు పక్కన అంటించండి. అర్థం తర్వాత తేల్చుకోవచ్చు. ఆ క్షణంలో ఎదురు ప్రశ్న వేసి ఆపితే మిగిలినది చెప్పడం మానేస్తారు.

పని చేసే మనిషి పైఅధికారిని ఆ సమయంలో పక్కన నిలబెట్టకండి. ఆయనకు తెలిసింది ఆయన చెబుతారు, అదీ గీయండి, కానీ వేరేగా. పైవాళ్లు ఉన్నప్పుడు "స్టాక్ షీటు చూసి పంపుతాను" అన్న మనిషి, లేనప్పుడు "ఐదు కంటే తక్కువ చూపిస్తే షీటును నమ్మను, స్టోరుకు ఫోను చేసి లెక్కపెట్టిస్తాను" అంటారు. ఆ ఐదు అన్న అంకె ఎక్కడా రాసి లేదు. అదే సాఫ్ట్‌వేర్‌కు కావలసిన నియమం.

ఇంకో మాట. ఈ గీత దేనికోసమో వాళ్లకు ముందే నిజం చెప్పండి. తన ఉద్యోగానికి ఎసరు వస్తోందనుకున్న మనిషి తనకు మాత్రమే తెలిసినది చెప్పరు, చెప్పకపోవడం వాళ్ల తప్పూ కాదు. సాఫ్ట్‌వేర్ వచ్చాక వాళ్ల పని ఏమవుతుందో సంస్థ ఇంకా తేల్చుకోకపోతే, ముందు అది తేల్చుకుని రండి.

మూడు నాలుగు ఆర్డర్లు గీసేసరికి బొమ్మ ముఖ్య దారి స్థిరపడుతుంది. ఆ తర్వాత ప్రతి క్లిప్పునూ ఆ దారి మీద వేలితో నడిపించండి. ఎక్కడా ఆగకుండా పోతే దాని మీద టిక్కు. ఎక్కడైనా దారి తప్పితే అక్కడ గులాబీ నోటు, దాని మీద ఆర్డరు నంబరు. 40 ఆర్డర్లు గీయడానికి సాధారణంగా ఒక రోజు చాలదు. రోజుకు రెండు గంటల చొప్పున నాలుగైదు రోజులు పెట్టుకోండి. పని చేసేవాళ్లకూ పని ఉంటుంది.

5. ప్రతి నోటు కింద రెండు సమయాలు

ఒకటి చేతి సమయం, అంటే మనిషి నిజంగా ఆ పని మీద ఉన్నంతసేపు. రెండోది ఆ మెట్టుకు ముందు ఆర్డరు ఎదురుచూసిన సమయం. కలిపి రాయకండి, విడివిడిగా రాస్తేనే ఉపయోగం.

ఉదాహరణలో ఒక ఆర్డరు ఉదయం 10:20కి వచ్చింది. డెస్కు 11:40కి చేతిలోకి తీసుకుంది. చదివి సరిచూడటం 3 నిమిషాలు, షీటులో ఎక్కించడం 6, స్టాక్ చూడటం 2. అంటే 11:51కి అకౌంట్స్ ట్రేలోకి వెళ్లింది. అకౌంట్స్ మనిషి ఆ ట్రేను సాయంత్రం 4 గంటలకు చూస్తారు. బాకీ చూసి సంతకం పెట్టడం 1 నిమిషం. స్లిప్పు స్టోరుకు వెళ్లేసరికి అక్కడ ఆ రోజు ఏరడం అయిపోయింది. మర్నాడు 9 గంటలకు సరుకు ఏరడం 9 నిమిషాలు, ప్యాకింగ్ 5, ఇన్వాయిస్ 4. బండి మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరింది.

చేతి సమయం మొత్తం 30 నిమిషాలు. వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా పట్టిన సమయం 28 గంటల 40 నిమిషాలు.

ఈ సంస్థ ఆటోమేట్ చేయాలనుకున్నది షీటులో ఎక్కించడాన్ని, ఎందుకంటే అందరికీ విసుగు పుట్టించే పని అదే. అది పూర్తిగా పోయినా ఆదా అయ్యేది 6 నిమిషాలే, ఆర్డరు మర్నాడు 3 గంటల బండికే వెళ్తుంది. అసలు అడ్డం అకౌంట్స్ ట్రే దగ్గర ఉంది: ఒక్క నిమిషం సంతకం కోసం నాలుగు గంటలకు పైగా ఎదురుచూపు. ట్రేను మధ్యాహ్నం 12కు కూడా చూస్తే, లేదా పరిమితి లోపల బాకీ ఉన్న కస్టమర్లకు సంతకం అక్కర్లేదంటే, ఆర్డరు అదే రోజు స్టోరుకు చేరి, 3 గంటల బండికే అందుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండానే ఒక రోజు మిగులుతుంది. గోడ మీద రెండు సమయాలు విడివిడిగా లేకపోతే ఈ సంగతి ఎవరికీ కనపడదు. టైపు చేయడం కళ్ల ముందు జరుగుతుంది, ట్రేలో పడి ఉండటం ఎవరికీ శ్రమ కాదు.

6. గులాబీ నోట్లను లెక్కపెట్టి, ఒక్కోదాన్నీ విప్పండి

40లో 24 ఆర్డర్లు ఎక్కడా ఆగకుండా నడిచాయి. 16 దారి తప్పాయి. పెట్టెలా విడివా అన్న సందేహం 5. తక్కువ స్టాకుకు స్టోరుకు ఫోను 4. ఒకే కస్టమరు రెండు ఆర్డర్లు కలిపి పంపడం 3. బాకీ వల్ల ఆపడం 2. ఒకే ఆర్డరు ఫోనులో ఒకసారి, ఈమెయిల్‌లో ఒకసారి రావడం 1. వేరే చిరునామాకు పంపమనడం 1.

ప్రతి రకానికీ ఒక విడి కాగితం తీసుకుని ఐదు సంగతులు రాయండి: దేన్ని చూసి తేడా అని గుర్తుపట్టారు, ఎవరు తేల్చారు, ఏం చూసి తేల్చారు, తేల్చాక ఏం మారింది, గమనించకపోతే ఏమయ్యేది. మూడోది కష్టం. "అనుభవం" అనే జవాబు వస్తే ఆగకండి. అలాంటి ఆర్డర్లు మూడు ముందు పెట్టి, ఇందులో ఒకటి ఎందుకు పంపారు, రెండోది ఎందుకు ఆపారు అని తేడా అడగండి. పక్కపక్కన పెట్టినప్పుడే నియమం మాటల్లోకి వస్తుంది.

రెండు ఆర్డర్లు కలిపే సంగతి తీసుకోండి. డెస్కు మనిషి ఒక కస్టమరు ఆర్డరును ఉదయం ఎక్కించకుండా కీబోర్డు కింద పెట్టి ఉంచారు. చూసేవాళ్లకు ఆలస్యం లాగే ఉంటుంది, మొదట దానికి D గుర్తే వేస్తారు. విప్పితే తెలిసేది: ఆ కస్టమరు ఉదయం ఒక ఆర్డరు పెట్టి, మధ్యాహ్నంలోగా "ఇవి కూడా కలపండి" అని ఇంకోటి పంపుతారు. విడివిడిగా పంపితే రవాణా ఖర్చు రెండుసార్లు, దాని మీద గొడవ. కాబట్టి అది D కాదు, త్రిభుజం, కావాలని ఆపింది. కీబోర్డు కింద ఉన్న ఆ కాగితం ఒక నియమం. అది తెలియకుండా కట్టిన సాఫ్ట్‌వేర్ ఆర్డరును వచ్చిన నిమిషంలోనే స్టోరుకు పంపి, వేగంగా పనిచేశానని చూపిస్తుంది. కస్టమరుకు రెండు పార్సిళ్లు, రెండు ఇన్వాయిస్‌లు వెళ్తాయి.

రెండుసార్లు వచ్చిన ఆర్డరు 40లో ఒక్కటే. అయినా దాన్ని పక్కన పెట్టకండి. ఎన్నిసార్లు వస్తుందన్న దానితో పాటు, తప్పితే ఎంత నష్టమో కూడా చూడాలి. డెస్కు మనిషి గొంతు గుర్తుపట్టి, "ఇది పొద్దున చెప్పిందే కదండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. సాఫ్ట్‌వేర్‌కు రెండూ రెండు వేర్వేరు ఆర్డర్లు. సరుకు రెండింతలు వెళ్తుంది.

7. తెలియని మనిషితో నడిపించి చూడండి

బొమ్మ పూర్తయిందనిపించాక, ఆ పని ఎప్పుడూ చేయని ఒకరిని గోడ ముందు నిలబెట్టండి. నమూనాలో లేని కొత్త ఆర్డర్లు ఐదు ఇచ్చి, గోడ మీద ఉన్నదాన్ని మాత్రమే చూసి ప్రతి ఆర్డరుకూ ఏం చేస్తారో గట్టిగా చెప్పమనండి. డెస్కు మనిషి పక్కనే కూర్చుని వింటారు, కానీ నోరు విప్పకూడదు. చీటీ మీద మాత్రం రాసుకోవచ్చు.

తెలియని మనిషి అడిగే ప్రతి ప్రశ్న గోడ మీద లేని మెట్టు. డెస్కు మనిషి రాసుకున్న ప్రతి చీటీ గోడ మీద తప్పుగా ఉన్న మెట్టు. ఐదులో ఒక ఆర్డరు దగ్గరైనా తెలియని మనిషి ధైర్యంగా తప్పు చేస్తే అది అన్నిటికంటే విలువైన దొరుకుడు. ప్రశ్న రాకుండానే తప్పు జరిగిందంటే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడ అలాగే చేస్తుంది. నోట్లు సరిచేసి ఇంకో ఐదు ఆర్డర్లతో మళ్లీ నడపండి. ఐదుకు ఐదూ ప్రశ్న లేకుండా, తప్పు లేకుండా నడిచేదాకా.

అప్పుడు, అప్పుడే, గోడను ఫోటో తీసి కంప్యూటరులో ఎక్కించండి. ఫోటో తీసే ముందు నోట్లకు నంబర్లు వేయండి, లేకపోతే ఒకటి రాలిపోయినా తెలియదు.

8. ఏది ఎవరికి

ప్రతి గులాబీ నోటుకూ మూడు దారుల్లో ఒకటి ఎంచుకోండి: మూలంలోనే లేకుండా చేయడం, నియమంగా రాసి సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ ఆపి మనిషికి చూపించడం. ఈ వరుసలోనే ఆలోచించండి. చాలామంది రెండోదానితో మొదలుపెట్టి, ఆర్డరు ఫారం మారిస్తే పోయే సమస్య కోసం వారాల తరబడి నియమాలు రాస్తారు.

పెట్టెలా విడివా అన్నది మూలంలోనే పోతుంది. ఆర్డరు ఫారంలో పరిమాణం పక్కన "పెట్టె / విడి" అని ఎంచుకోవాల్సిన గడి ఒకటి పెట్టి, అది ఖాళీగా ఉంటే ఆర్డరు ముందుకు కదలకుండా చేస్తే చాలు. ఫోనులో వచ్చేవాటికి డెస్కు అదే గడి నింపుతుంది. ఈ మార్పు ఈరోజే కాగితం ఫారం మీద చేసి, రెండు వారాలు చూడండి. ఆ ఐదు నోట్లు ఒకటికో సున్నాకో తగ్గితే, సాఫ్ట్‌వేర్‌లో ఆ తలనొప్పి ఉండదు.

తక్కువ స్టాకు సంగతి నియమంగా రాయవచ్చు: షీటు ఐదుకంటే తక్కువ చూపిస్తే స్టోరుకు "లెక్కపెట్టండి" అని పని వెళ్లాలి, జవాబు వచ్చేదాకా ఆర్డరు ఆగాలి. కానీ షీటు, అర తేడాగా ఎందుకుంటున్నాయో ముందు కనుక్కోండి. తిరిగొచ్చిన సరుకును అరలో పెట్టి షీటులో ఎక్కించకపోవడం మామూలు కారణం. అది సరిచేయకుండా ఆటోమేట్ చేస్తే తప్పు లెక్క ఇంకా వేగంగా తిరుగుతుంది.

కలిపి పంపడాన్ని, ఆ అలవాటున్న కస్టమర్ల జాబితాతో, వాళ్ల ఆర్డర్లను మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆపే నియమంగా పెట్టవచ్చు. జాబితాను ఎవరు మారుస్తారో పేరు రాసి పెట్టండి. పేరు లేని జాబితా ఏడాదిలో పనికిరాకుండా పోతుంది.

బాకీ, రెండుసార్లు వచ్చినవి, వేరే చిరునామా, ఈ మూడూ మనిషికే. సాఫ్ట్‌వేర్ చేయాల్సింది గుర్తుపట్టి ఆపడం మాత్రమే: పరిమితి దాటిన బాకీ, 24 గంటల్లో ఒకే కస్టమరు నుంచి ఒకే వస్తువు ఒకే పరిమాణంలో రావడం, నమోదైన చిరునామాతో సరిపోకపోవడం. తేల్చేది మనిషి. ఆపిన ఆర్డరు ఎవరి స్క్రీను మీదికి వెళ్తుంది, వాళ్లు రాని రోజు ఎవరికి, ఎన్ని గంటల్లో చూడాలి అన్నవి గోడ మీదే రాయండి. ఈ మూడు జవాబులు లేకపోతే ఆపిన ఆర్డర్లన్నీ కొత్త అకౌంట్స్ ట్రేలో పడతాయి.

సాఫ్ట్‌వేర్ నడవడం మొదలయ్యాక మొదటి నెల పాత గోడను తీయకండి. ఆపిన ప్రతి ఆర్డరుకూ కారణం రాయించి, గోడ మీద లేని కారణం వచ్చిన రోజే కొత్త గులాబీ నోటు అంటించండి. నెలలో ఒకే కొత్త కారణం మూడుసార్లు వస్తే, దానికి మళ్లీ ఆ ఐదు సంగతుల కాగితం తెరవండి.